డిమాండ్ ప్లానర్ ఇంటర్వ్యూకి ఒకే చిన్న షీట్: చాలాకాలం వాడాక నా సమీక్ష

ఏ సరుకు ఎంత అమ్ముడవుతుందో ముందే అంచనా వేసే డిమాండ్ ప్లానర్ ఉద్యోగానికి సిద్ధమయ్యేవాళ్లలో చాలామంది ప్రశ్నలూ జవాబులూ ఉన్న పెద్ద జాబితా పట్టుకుని కూర్చుంటారు. నేను వాడింది వేరే పద్ధతి. రెండే ఐటమ్స్, ఆరు నెలల ఫోర్‌కాస్ట్, అవే నెలల అసలు అమ్మకాలు. ఇంతే ఉన్న ఎక్సెల్ షీట్ తెరిచి, టెక్నికల్ రౌండ్‌లో రాగల ప్రతి ప్రశ్ననీ ఆ అంకెల మీదే వేసుకుని జవాబు పైకి చెప్పడం. ఉద్యోగం మారిన ప్రతిసారీ దీన్నే వాడాను. ఇప్పుడు నేను ప్రశ్నలు అడిగే వైపు కూర్చున్నా, అభ్యర్థుల ముందు దాదాపు ఇదే షీట్ పెడుతున్నాను. టెక్నికల్ రౌండ్ వరకూ ఇంతకంటే పనికొచ్చే పద్ధతి నాకు దొరకలేదు.

షీట్‌లో మొదటి ఐటమ్ ఫోర్‌కాస్ట్ ప్రతి నెలా 120. అమ్మింది వరసగా 100, 105, 98, 102, 110, 85. రెండో ఐటమ్ ఫోర్‌కాస్ట్ ప్రతి నెలా 100. అమ్మింది 120, 80, 125, 75, 118, 82. రెండూ ఆరు నెలల్లో 600 చొప్పునే అమ్ముడయ్యాయి.

ఎక్కడికెళ్లినా మొదట వచ్చే ప్రశ్న: ఫోర్‌కాస్ట్ కచ్చితత్వాన్ని ఎలా కొలుస్తారు? మేప్, అంటే శాతాల్లో తప్పుల సగటు, దాని ఫార్ములా అప్పజెప్పి ఆగిపోతే అది బలహీనమైన జవాబు. ఒక ఐటమ్ 1000 అమ్ముడైంది, మనం 900 అనుకున్నాం, అంటే 10 శాతం తప్పు. ఇంకోటి 10 అమ్ముడైంది, మనం 30 అనుకున్నాం, అంటే 200 శాతం తప్పు. రెండింటి సగటు తీస్తే మేప్ 105 శాతం. నిజానికి 1010 యూనిట్ల అమ్మకంలో మనం తప్పింది 120 యూనిట్లు, దాదాపు 12 శాతం. అందుకే మొత్తం తప్పును మొత్తం అమ్మకంతో భాగించే వెయిటెడ్ మేప్ చూస్తానని చెప్పి, ఆ వెంటనే తప్పు ఏ వైపు ఒరిగిందో చూపే బయాస్ కూడా పక్కన పెట్టుకుంటానని చెప్పాలి. ఫోర్‌కాస్ట్ B కాలమ్‌లో, అమ్మకాలు C కాలమ్‌లో ఉంటే రెండు ఫార్ములాలు చాలు:

```
=SUMPRODUCT(ABS(B2:B7-C2:C7))/SUM(C2:C7)
=SUM(B2:B7)/SUM(C2:C7)-1
```

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. కొన్ని కంపెనీలు ఫోర్‌కాస్ట్‌లోంచి అమ్మకం తీసేస్తాయి, కొన్ని అమ్మకంలోంచి ఫోర్‌కాస్ట్ తీసేస్తాయి. అప్పుడు ప్లస్, మైనస్ తారుమారవుతాయి. "నా లెక్కలో ప్లస్ అంటే ఎక్కువ అంచనా వేశామని" అని ముందే అనేస్తే సగం గందరగోళం పోతుంది.

ఈ షీట్ అసలు విలువ రెండో ప్రశ్నలో తెలుస్తుంది. మొదటి ఐటమ్‌లో మొత్తం తప్పు 120 యూనిట్లు, వెయిటెడ్ మేప్ 20 శాతం. రెండోదాంట్లో 126 యూనిట్లు, 21 శాతం. "రెండూ ఒకేలా ఉన్నాయి కదా, ఏం చేస్తారు?" అని అడుగుతారు. జబ్బు ఒకటి కాదని చూపించడమే మంచి జవాబు. మొదటిదాని బయాస్ ప్లస్ 20 శాతం, అంటే వెయిటెడ్ మేప్‌తో సమానం. ఈ రెండూ సమానమయ్యాయంటే ప్రతి నెలా తప్పు ఒకే వైపు జరిగిందని అర్థం. రెండోదాని బయాస్ సున్నా.

ట్రాకింగ్ సిగ్నల్ గురించి కూడా ఇక్కడే అడుగుతారు. అన్ని నెలల తప్పుల్నీ ప్లస్, మైనస్‌లతో సహా కలిపి, ఆ గుర్తులు వదిలేసి తీసిన సగటు తప్పుతో భాగిస్తే మొదటి ఐటమ్‌కి 120 బై 20, అంటే 6. మామూలుగా ప్లస్ లేదా మైనస్ 4 దాటితే అనుమానించాలంటారు. చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. ఎన్ని నెలల డేటా ఉంటే ఈ సంఖ్య అంతకు మించి పెరగదు. ఆరు నెలల్లో 6 అంటే అది చేరగల గరిష్ఠం. మూడు నెలల డేటా ఉంటే ఎంత వంకర ఫోర్‌కాస్ట్ అయినా 4 దాటదు. కాబట్టి కొత్త ఐటమ్స్‌కి ఆ హద్దు పనిచేయదు. ఈ మాట ఎవరైనా సొంతంగా అంటే నాకు వెంటనే నమ్మకం కుదురుతుంది.

మొదటి ఐటమ్‌కి మందు, ఆ 120 ఎక్కణ్నుంచి వచ్చిందో పట్టుకోవడం. సిస్టమ్ ఇచ్చిన అంకెనీ, సేల్స్ టీమ్ మార్చాక వచ్చిన అంకెనీ విడివిడిగా కొలవాలి. సిస్టమ్ 103 ఇస్తే సేల్స్ వాళ్లు 120 చేశారేమో, పాత ప్రమోషన్ నెలలు హిస్టరీలో అలాగే ఉండిపోయాయేమో చూడాలి. కారణం తెలియకుండా "20 శాతం తగ్గిస్తాను" అంటే అది తొందరపాటు. పైగా 120లో 20 శాతం తగ్గిస్తే 96 వస్తుంది, 100 రాదు.

రెండో ఐటమ్ చూడగానే చాలామంది సేఫ్టీ స్టాక్, అంటే అంచనా తప్పితే ఆదుకోవడానికి ఉంచే అదనపు సరుకు, పెంచుతామంటారు. అంకెల్ని ఇంకోసారి చూడమంటాను. 120, 80 కలిపితే 200. 125, 75 కలిపినా 200. 118, 82 కలిపినా అంతే. అసలు వాడకం నిలకడగానే ఉంది, ఊగుతున్నది ఆర్డర్ పడే సమయం. పెద్ద కస్టమర్ ఎవరో నెల విడిచి నెల ఎక్కువగా తీసుకుంటున్నట్టుంది. నెలవారీ తప్పును బట్టి సేఫ్టీ స్టాక్ కడితే అనవసరమైన సరుకు పేరుకుంటుంది. కొనుగోలుకి రెండు నెలల మొత్తం మీద ఫోర్‌కాస్ట్ వేసి, నెలల మధ్య పంపకాన్ని కస్టమర్ ఆర్డర్ క్యాలెండర్ బట్టి చేయాలి. "అయితే ఆరు నెలలు తక్కువ, యాదృచ్ఛికం కూడా కావచ్చు, ముందు సేల్స్ వాళ్లని అడిగి నిర్ధారించుకుంటాను" అని కలిపితే జవాబు పూర్తవుతుంది.

షీట్‌కి నేను తర్వాత కలిపింది స్టాక్ లేని నెల. 30 రోజుల్లో 18 రోజులే సరుకుంది, 60 అమ్ముడైంది. డిమాండ్ ఎంత? 60 అనేది అమ్మకమే, డిమాండ్ కాదు. రోజుకి 3.33 చొప్పున లెక్కేస్తే దాదాపు 100. ఆగిపోయిన ఆర్డర్లు వచ్చే నెలలో పంపి ఉంటే ఆ నెల అమ్మకం అంతమేర ఉబ్బి ఉంటుంది, అక్కణ్నుంచి తీసేయకపోతే రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. బదులుగా వేరే ఐటమ్ తీసుకుని ఉంటే దాని హిస్టరీ కూడా సరిచేయాలి.

"మీ కచ్చితత్వం ఎంత ఉండేది?" అంటే అంకె చెప్పే ముందు అది ఎన్ని నెలల ముందు వేసిన ఫోర్‌కాస్ట్ అన్నది చెప్పాలి. సప్లయర్‌కి మూడు నెలలు కావాల్సినచోట, నెల మొదట్లో సరిచేసిన ఫోర్‌కాస్ట్ 90 శాతం కచ్చితంగా ఉన్నా కొనుగోలుకి ఉపయోగం లేదు.

ఈ పద్ధతికి లోటులున్నాయి. హిస్టరీయే లేని కొత్త ప్రొడక్ట్ గురించి అడిగితే షీట్ ఏమీ ఇవ్వదు. పోలిక ఉన్న పాత ప్రొడక్ట్ మొదటి నెలల అమ్మకాలతో విడిగా ప్రాక్టీస్ చేయాలి. నెలల తరబడి సున్నా అమ్ముడై ఒక్కసారి కదిలే స్పేర్ పార్ట్స్ లాంటివాటికి క్రాస్టన్ పద్ధతి విడిగా చదువుకోవాల్సిందే. కొన్ని చోట్ల రెండేళ్ల డేటా, వందల ఐటమ్స్ ఉన్న ఫైల్ ఇచ్చి గంట టైమిస్తారు. అక్కడ ఏ ఐటమ్స్ ముందు చూడాలన్నదే పరీక్ష. తప్పిన యూనిట్లని ధరతో గుణించి, పెద్దవి పైకి వచ్చేలా సార్ట్ చేసుకోవడం ముందే చేతికి అలవాటు కావాలి. అంత వేగం ఈ చిన్న షీట్‌తో రాదు.