మూడేళ్ల అనుభవం: ఆట బాగా నేర్పిన అకాడమీ, ఎంపికకూ ఫీజుకూ కాగితం చూపలేదు

మా అమ్మాయి విజయవాడలోని ఒక బ్యాడ్మింటన్ అకాడమీలో మూడేళ్లుగా శిక్షణ పొందుతోంది. శిక్షణ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. కోర్టుల మీద మ్యాట్ బాగుంటుంది, ఉదయం బ్యాచ్ ఏనాడూ ఆలస్యంగా మొదలవలేదు, చేరినప్పుడు షటిల్‌ను నెట్ దాటించలేని పిల్ల ఈరోజు వెనుక గీత నుంచి వెనుక గీత వరకు క్లియర్ కొట్టగలుగుతోంది. అయినా గత నెల నిర్వాహకులకు రెండు పేజీల ఫిర్యాదు లేఖ ఇవ్వవలసి వచ్చింది. ఇక్కడ పిల్లలను చేర్పించాలనుకునే తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఆ వివరాలు రాస్తున్నాను.

అండర్-13 అడ్వాన్స్ బ్యాచ్‌కు ఆరుగురిని తీసుకుంటామని ప్రకటించి, పదిమంది పిల్లలను అయిదుగురు చొప్పున రెండు గ్రూపులు చేసి ఒక ఆదివారం మ్యాచ్‌లు ఆడించారు. గ్రూపులో ప్రతి ఒక్కరూ మిగిలిన నలుగురితో ఆడారు. మా అమ్మాయి మూడు గెలిచి, ఒకటి ఓడి, తన గ్రూపులో రెండో స్థానంలో నిలిచింది. మరునాడు వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఆరు పేర్లలో మా గ్రూపు నుంచి మొదటి, మూడో స్థానాల పిల్లలు ఉన్నారు, రెండో గ్రూపు నుంచి ఏకంగా నలుగురు ఉన్నారు. ఆ మూడో స్థానం అమ్మాయితో మా అమ్మాయి 21-16, 19-21, 21-18తో గెలిచింది. స్కోరు నేనే పక్కన కూర్చుని రాసుకున్నాను కనుక ఈ అంకెలు చెప్పగలుగుతున్నాను. అకాడమీ వారు రాసిన స్కోరు రఫ్ నోట్‌బుక్‌లోని ఒక పేజీలో ఉండేది, అడిగిన రోజుకు ఆ పేజీ లేదు.

కోచ్ గారిని మొదట అడిగినప్పుడు ఫుట్‌వర్క్ సరిపోలేదన్నారు. వారం తరువాత ఆఫీసులో అడిగితే హాజరు తక్కువన్నారు. పరీక్షల కోసం మూడు నెలల్లో అయిదు రోజులు మానిన మాట నిజమే. ఈ రెండూ సరైన కారణాలే కావచ్చు, గెలుపోటములు ఒక్కటే చూసి పిల్లలను ఎంపిక చేయాలని నేనూ అనను. కానీ మ్యాచ్‌లకు ఎంత విలువ, ఫుట్‌వర్క్‌కు ఎంత, హాజరుకు ఎంత అన్నది ముందుగా చెప్పకుండా ఆడించి, తరువాత ఒక్కొక్కరికి ఒక్కొక్క కారణం చెబితే, పన్నెండేళ్ల పిల్ల దేన్ని సరిదిద్దుకోవాలి? లేఖలో నేను అడిగింది అమ్మాయికి చోటు కాదు. ఆ రోజు ఫలితాల పట్టిక, ఎంపిక చేసినవారి పేర్లు, పాటించిన ప్రమాణాలు రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాను.

ఫీజు సంగతి దీనికంటే ఇబ్బంది పెట్టింది. నెలకు రూ.4,500 చొప్పున మూడు నెలలకోసారి రూ.13,500 కడతాము. మొదటి ఏడాది వరుస సంఖ్యలున్న రసీదు పుస్తకం నుంచి చించి ఇచ్చేవారు. తరువాత ఆఫీసులో కూర్చునే వ్యక్తి తన సొంత ఫోన్ నంబరుకు యూపీఐ చేయమన్నారు, రసీదు అడిగితే వాట్సాప్‌లో బొటనవేలి గుర్తు వచ్చేది. రెండేళ్లలో ఎనిమిది వాయిదాలు కట్టాను. ఏడు యూపీఐలో, ఒకటి నగదుగా. ఆ నగదు వాయిదాయే బాకీ ఉందని ఈమధ్య కబురు పంపారు. నా దగ్గర ఉన్నది అదే రోజు ఉదయం ఏటీఎంలో 13,500 తీసినట్టు పాస్‌బుక్‌లో పడిన వరుస, "ఫీజు ఆఫీసులో ఇచ్చానండి" అన్న నా సందేశం, దాని కింద ఆ బొటనవేలి గుర్తు.

అందుకే లేఖలో ఎనిమిది చెల్లింపుల తేదీ, మొత్తం, కట్టిన విధానం, యూపీఐ లావాదేవీ సంఖ్య వరుసగా రాశాను. సేవకు బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వాణిజ్య పద్ధతుల్లో చేర్చిందని ఒక్క వాక్యంలో గుర్తుచేశాను. పదిహేను రోజుల గడువు ఇచ్చి, రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ, సంతకం వేయించుకున్నాను. ముద్ర వేయడానికి కొంత తటపటాయించారు గానీ వేశారు.

పన్నెండో రోజున ఏడు యూపీఐ చెల్లింపులకు కలిపి రూ.94,500కు ఒకే రసీదు ఇచ్చారు. దాని మీద తేదీ ఆనాటిదే, ఏ వాయిదా ఏ నెలలకు అన్నది లేదు. వెనక్కి ఇచ్చి విడివిడిగా రాయమన్నాను, రాసి ఇచ్చారు. నగదు వాయిదాను మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. దాని కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. ఎంపిక గురించి రాతలో ఒక్క అక్షరం రాలేదు, కోచ్ నిర్ణయమే తుది అని నోటిమాటగా చెప్పారు.

అమ్మాయి మామూలు బ్యాచ్‌లోనే కొనసాగుతోంది. కోచింగ్ నచ్చింది కనుక ఇప్పుడే మాన్పించడం లేదు. ఈ వాయిదా మాత్రం రసీదు పుస్తకం బల్ల మీదికి వచ్చి, అందులో అమ్మాయి పేరు, నెలలు రాశాకే కట్టాను.