‘నేను రాకపోతే’ ఫైలు: ఐదేళ్ల వాడకం తర్వాత

స్టాఫ్ రూమ్‌లో నా బల్ల మీద ఎడమ పక్కన ఒక ఎర్ర ప్లాస్టిక్ ఫైలు ఉంటుంది. కోఠిలో కొన్నది. దాని మీద మార్కర్‌తో ‘నేను రాకపోతే’ అని రాసి పెట్టాను. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో ఆరు నుంచి ఎనిమిది దాకా లెక్కలు చెబుతాను. నేను ఉన్నట్టుండి సెలవు పెట్టినప్పుడు నా పీరియడ్‌కు వచ్చే టీచర్ ఈ ఫైలు పట్టుకెళ్తారు. ఐదేళ్లలో దీని లోపలివన్నీ మూడుసార్లు మారాయి. ఎందుకు మార్చాల్సి వచ్చిందో చెబుతాను.

మొదలైంది ఒక వైరల్ జ్వరంతో. పొద్దున ఏడున్నరకి కోఆర్డినేటర్ ఫోన్ చేసి “సెవెన్త్ బీలో ఏం చేయించమంటారు మేడమ్?” అని అడిగారు. జ్వరంలో “ఎక్సర్‌సైజ్ చేయించండి” అని ఏదో నంబర్ చెప్పేసి పడుకున్నాను. అది మూడు రోజుల క్రితమే అయిపోయిన ఎక్సర్‌సైజ్. సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్లిన హిందీ మేడమ్‌కి పిల్లలు మొదటి నిమిషంలోనే “మిస్, అది అయిపోయింది, గేమ్స్‌కి పంపండి మిస్” అన్నారట. నలభై నిమిషాల పీరియడ్. మిగిలిన ముప్పై తొమ్మిది నిమిషాలు ఎలా గడిచాయో మర్నాడు ఆవిడ గొంతు విన్నాక నేను అడగలేదు.

ఆ వారమే ఫైలు తయారుచేశాను. అందులో పన్నెండు వర్క్‌షీట్లు పెట్టాను. అన్నీ పదాల వేట, చుక్కలు కలపడం లాంటివి. చూడ్డానికి ముచ్చటగా ఉండేవి, వాడకంలో మాత్రం చిక్కులు వచ్చాయి. క్లాసులో నలభై ఇద్దరు. అంతమందికి జిరాక్స్ తీయాలంటే ఆఫీసు గదికి వెళ్లాలి, మెషీన్ ఖాళీగా ఉండాలి, కాగితాలు ఉండాలి. పీరియడ్ బెల్ కొట్టాక ఫైలు చేతికి అందిన మనిషికి అంత సమయం ఎక్కడిది? కాపీలు ముందే తీసి పెడితే ఇంకో సమస్య వచ్చింది. చురుకైన పిల్లలు పదాల వేటను ఏడెనిమిది నిమిషాల్లో ముగించి పక్కవాడికి జవాబులు చూపించేవాళ్లు. వెనక బెంచీల వాళ్లు అసలు మొదలుపెట్టేవాళ్లే కాదు. రెండో ఏడాది ఆ షీట్లన్నీ తీసేశాను.

అప్పటికి నాకు అర్థమైంది ఒక్కటే. ఫైలు వాడేది నేను కాదు. నా క్లాసు తెలియని, చాలాసార్లు నా సబ్జెక్టు కూడా తెలియని మనిషి వాడతారు. పీటీ సార్, సోషల్ మేడమ్, ఎవరైనా రావచ్చు. వాళ్ల చేతిలో సుద్దముక్క తప్ప ఇంకేమీ ఉండదనుకుని తయారుచేయాలి. జిరాక్స్ అక్కర్లేని పని అయి ఉండాలి, బోర్డు మీద రెండు నిమిషాల్లో మొదలవ్వాలి, ఎవరూ త్వరగా ముగించేయలేనిదై ఉండాలి. ఈ లెక్కన చూస్తే నిలిచినవి రెండే: నాలుగు నాలుగులు, మెట్రో పటం.

నాలుగు నాలుగుల పని చాలా పాతది, నేను కనిపెట్టింది కాదు. సరిగ్గా నాలుగు 4లు వాడి, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, బ్రాకెట్లతో 1 నుంచి 20 దాకా అంకెలు తేవాలి. రెండు 4లు పక్కపక్కన పెట్టి 44 అనుకోవచ్చు. 44 ÷ 44 అంటే 1. (4 + 4 + 4) ÷ 4 అంటే 3. బోర్డు మీద ఒక ఉదాహరణ చూపిస్తే చాలు, పిల్లలు రఫ్ నోట్‌బుక్ తీసి మొదలుపెట్టేస్తారు. ఒక అంకె తెచ్చిన పిల్లాడు బోర్డు మీద రాసి పక్కన పేరు రాసుకుంటాడు. ఇందులో ఒకే ఒక్క నిబంధన పెట్టాను: ఒకసారి రాసినవాళ్లు ఇంకా ఐదుగురు రాసేదాకా మళ్లీ లేవకూడదు. ఇది పెట్టకముందు ముగ్గురు పిల్లలే బోర్డంతా నింపేసేవాళ్లు.

గొడవ ఎక్కడ వచ్చిందంటే 7 దగ్గర. ఒక అమ్మాయి 4 + 4 − 4 ÷ 4 అని రాసింది. సగం క్లాసు “అది 1 మిస్” అని అరిచింది, ఎడమ నుంచి వరసగా చేసుకుంటూ పోయి. ముందు భాగహారం చేయాలి కాబట్టి 4 ÷ 4 అంటే 1, 8లోంచి 1 తీస్తే 7. అమ్మాయిదే కరెక్టు. ఆ రోజు వెళ్లిన సోషల్ మేడమ్‌కి బాడ్‌మాస్ గుర్తులేదు. పాపం ఆవిడ ‘రేపు మీ మేడమ్‌ని అడగండి’ అని దాటేశారు. తప్పు నాది. అప్పటినుంచి షీటు వెనక ప్రతి అంకెకీ ఒక జవాబు, మెట్టుమెట్టుగా, రాసి పెట్టాను.

ఇంకో తప్పు ఇంతకంటే పెద్దది. మొదట్లో ‘20 దాకా అన్నీ తెండి’ అని రాశాను. నేను పెట్టిన నియమాలతో 11, 13, 14, 18, 19 రావు. రావాలంటే వర్గమూలం కావాలి: 44ని √4 × √4తో భాగిస్తే 11 వస్తుంది. 19కి వర్గమూలం కూడా చాలదు, ఫ్యాక్టోరియల్ దాకా వెళ్లాలి. ఏడో తరగతికి ఇంకా ఈ రెండూ రాలేదు. రాని అంకె కోసం పిల్లలు పావుగంట తలలు బద్దలు కొట్టుకుని, తర్వాత అరుపుల్లోకి దిగారు. ఇప్పుడు షీటు మీద స్పష్టంగా రాసి ఉంది: ‘ఈ 5 అంకెలు రావు. పీరియడ్ సగం అయ్యాక ఈ సంగతి పిల్లలకు చెప్పండి, ఎందుకు రావో వాళ్లనే చెప్పమనండి.’ ముందే చెబితే ఆసక్తి పోతుంది, చివర్లో చెబితే మోసపోయామనుకుంటారు. ఎనిమిదో తరగతిలో వర్గమూలాలు అయిపోయి ఉంటే ఈ సరిహద్దు జరుగుతుంది, అందుకే ఆ క్లాసుకి వేరే షీటు. ఆరో తరగతికి ఇది ఇవ్వను. బ్రాకెట్లు ఇంకా అలవాటు లేనివాళ్లకి ఆట కంటే విసుగే ఎక్కువ.

మెట్రో పటం సంగతి వేరు, దానికి లెక్కలు రానవసరం లేదు. ఒక లామినేట్ చేసిన కాగితం మీద మూడు గీతలు, వాటి మీద స్టేషన్ల పేర్లు వరసగా రాసి పెట్టాను. ఎరుపు మియాపూర్ నుంచి ఎల్బీ నగర్, నీలం నాగోల్ నుంచి రాయదుర్గం, ఆకుపచ్చ జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ నుంచి ఎంజీబీఎస్. వచ్చిన టీచర్ ఇంకో పని లేకుండా బోర్డు మీద గీతలు గీసి, రెండు గీతలు కలిసే చోట్ల మాత్రం పేర్లు వేస్తే చాలు: అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్, ఎంజీబీఎస్. మిగతా పేర్లు పిల్లలు చెప్పాలి. చెబుతారు కూడా, రోజూ ఎక్కేవాళ్లు ఇద్దరైనా ఉంటారు. సగం పేర్ల దగ్గరే పది నిమిషాలు పోతుంది, అది మంచిదే.

తర్వాత ప్రశ్న: నాగోల్‌లో ఎక్కినవాళ్లు ఎంజీబీఎస్‌కి ఎలా వెళ్లాలి? పరేడ్ గ్రౌండ్‌లో ఆకుపచ్చ లైనుకి మారితే నాగోల్ నుంచి అక్కడికి ఎనిమిది స్టేషన్లు, అక్కడినుంచి ఇంకో ఎనిమిది, మొత్తం పదహారు. అమీర్‌పేటలో ఎరుపుకి మారితే పదమూడు, తొమ్మిది, మొత్తం ఇరవై రెండు. ఎక్కిన స్టేషన్‌ను లెక్కలో వేయకూడదు. ఈ ఒక్కటీ చెప్పకపోతే పిల్లలకి పదిహేడు వస్తుంది, టీచర్ షీటులో పదహారు ఉంటుంది, ఇద్దరూ తికమకపడతారు. ఓసారి పీటీ సార్ వెళ్లిన రోజు ఒక పిల్లాడు “సార్, మారేటప్పుడు మెట్లెక్కే టైమ్ లెక్కేయలేదు కదా?” అన్నాడట. ఆయన అక్కడితో ఆగకుండా ‘మారిన ప్రతిసారీ మూడు స్టేషన్లంత సమయం’ అని ఒక నియమం పెట్టి, మళ్లీ అందరిచేతా లెక్క వేయించారు. నా షీటులో లేని ఆ నియమాన్ని ఇప్పుడు చేర్చాను.

ఇక ఫైలులో మొదటి కాగితం. నాకు అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చింది ఇదే. మొదట సీటింగ్ ప్లాన్ పెట్టాను. క్లాస్ టీచర్ నెలకోసారి బెంచీలు మారుస్తారు కాబట్టి అది ఎప్పుడూ పాతదే. తప్పుడు పేరుతో పిలిస్తే క్లాసంతా నవ్వుతుంది, ఆ నవ్వుతో పీరియడ్ పోతుంది. ఇప్పుడు దాని బదులు ఇద్దరు పిల్లల పేర్లు మాత్రమే రాస్తాను, ఏదైనా అడిగితే సరిగ్గా చెప్పేవాళ్లవి. లీడర్ల పేర్లు రాయను. లీడర్ బోర్డు మీద అల్లరి చేసేవాళ్ల పేర్లు రాయడం మొదలుపెడితే అదే పెద్ద గొడవ.

ఒకప్పుడు ఎవరికి ఏ మందు, ఎవరికి ఏ ఇబ్బంది అని కూడా ఆ కాగితంలో రాశాను. ఫైలు ఓసారి టేబుల్ మీద తెరిచే ఉండిపోయింది. ముందు బెంచీ పిల్లలు చదివేశారు. ఆ రోజే ఆ కాగితం చింపేశాను. ఇప్పుడు ఒక్క వాక్యం ఉంది: ‘ఈ ముగ్గురు బయటికి వెళ్తామంటే వెంటనే పంపండి, కారణం అడగొద్దు.’ మిగతాది క్లాస్ టీచర్‌కి తెలుసు, ఆవిడ గది ఎక్కడో పక్కనే రాశాను.

ఆ పేజీలో నేను చేర్చినవాటిలో ఎక్కువ పనికొచ్చిన మాట వేరే ఉంది. ఓసారి తెలుగు సార్ ఫైలు తెరవనే లేదు. ఎనిమిదో తరగతికి నలభై నిమిషాలూ పొడుపు కథలు వేశారట. మర్నాడు పిల్లలు నన్ను చూడగానే వరసగా విప్పమని మొదలుపెట్టారు. నాకు సగానికి జవాబులు రాలేదు. అప్పుడే పైన రాశాను: ‘మీ దగ్గర మీదైన సరంజామా ఉంటే ఈ ఫైలు మూసేయండి.’

లోపాలు ఇంకా ఉన్నాయి. ఇది ఒక్క రోజుకి, పోనీ రెండో రోజుకి. మూడో రోజు కూడా నేను రాకపోతే ఫైలు చాలదు, పాఠం ప్లాన్ పంపాల్సిందే. సబ్‌స్టిట్యూట్ దొరక్క రెండు సెక్షన్లు ఒకే గదిలో కూర్చోబెట్టిన రోజు నాలుగు నాలుగులు పనికిరావు, ఎనభై మందికి బోర్డు దగ్గర క్యూ కడితే అరుపులు మిగులుతాయి. మెట్రో మాత్రం ఆ రోజు కూడా నడిచింది, ఒక్కో సెక్షన్‌కి ఒక్కో దారి ఇచ్చారు.

ఇంకొకటి, ప్రతి షీటు వెనక ఒక చిన్న పట్టిక గీశాను: తేదీ, సెక్షన్, వచ్చిన టీచర్. ఇది లేని రోజుల్లో సెవెన్త్ ఏకి అదే ఏడాది రెండుసార్లు నాలుగు నాలుగులు ఇచ్చారు. “మిస్, ఇది చేశాం” అన్న మాట వచ్చిందంటే ఆ షీటు ఆ సెక్షన్‌కి ఆ ఏడాదికి చచ్చినట్టే. పట్టిక నింపడం చాలామంది మరిచిపోతారు. అందుకే పెన్నుకి దారం కట్టి ఫైలు క్లిప్పుకి వేలాడదీశాను. ఈ జూన్ నుంచి ఇప్పటిదాకా రెండు పెన్నులు పోయాయి, దారాలు మాత్రం ఉన్నాయి.