రోజుకు లీటరు పాలా, రెండు గ్లాసులా? ఏడాది దాటిన పిల్లలకు ఏది మేలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లో ఏడాదిన్నర పిల్లాడు అన్నం దగ్గర పేచీ పెడితే మామ్మల నోట వచ్చే మాట ఒకటే. "గుంటడు మెతుకు ముట్టడం నేదు, పాలైనా తాగనీయే." ఆ మాటలో ప్రేమ ఉంది, లెక్క మాత్రం తిరగబడి ఉంది. చాలా ఇళ్లలో పిల్లాడు పాలు తాగేది అన్నం తినకపోవడం వల్ల కాదు. పాలతో కడుపు నిండిపోవడం వల్లే అన్నం తినడం లేదు.

ఇది తేలాలంటే ఒకే పిల్లాడి రోజును రెండు రకాలుగా పక్కపక్కన పెట్టి చూడాలి. రాజాం దగ్గర ఒక ఊళ్లో ఇరవై నెలల పిల్లాడు, బరువు పది కిలోలు అనుకుందాం. ఎనిమిదో నెల నుంచే ఆవుపాలు అలవాటు చేశారు. తల్లిపాలు ఏడాదికి ఆపేశారు. ఇప్పుడు సీసాతో తాగుతాడు.

మొదటి రకం రోజు ఇలా ఉంటుంది. లేవగానే ఒక సీసా, పది గంటలకు ఒకటి, మధ్యాహ్నం అన్నం ఉమ్మేశాడని ఒకటి, సాయంత్రం ఒకటి, రాత్రి నిద్రలో ఒకటి. సీసాకు 200 మి.లీ. చొప్పున లీటరు. మధ్యలో రెండు బిస్కెట్లు, నాలుగు ముద్దల పెరుగన్నం. ఈ వయసు పిల్లాడికి రోజుకు కావలసిన శక్తి సుమారు వెయ్యి కేలరీలు. లీటరు ఆవుపాలలోనే 650 దాకా వచ్చేస్తాయి. గేదెపాలైతే లీటరుకే వెయ్యి దాటుతుంది, అంటే ఆ పిల్లాడికి ఆ రోజు తిండి అయిపోయినట్టే. ఇంక ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంత తాగితే ఒంటికి చేరే ఐరన్ ఎంత? భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 8 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. లీటరు ఆవుపాలు మొత్తం కలిపినా ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఉన్న ఆ కాస్తా ఒంటికి సరిగ్గా పట్టదు. పాలలోని కాల్షియం, కేసిన్ అనే మాంసకృత్తి రెండూ ఐరన్‌ను పేగు పీల్చుకోకుండా అడ్డుపడతాయి. పాలతో పాటు తిన్న పప్పు, ఆకుకూరల ఐరన్‌కూ ఇదే గతి. దీనికి తోడు ఏడాది లోపు పిల్లల్లో కొందరికి ఆవుపాల వల్ల పేగులోంచి కంటికి కనపడనంత రక్తం పోతుంటుంది. ఏడాది దాటాక ఇది చాలావరకు తగ్గుతుంది. ఏడాది నిండేదాకా ఆవుపాలను ప్రధాన ఆహారంగా పట్టించొద్దని వైద్యులు గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం. పుట్టినప్పుడు తల్లి నుంచి వచ్చిన ఐరన్ నిల్వ ఆరు నెలలకు అయిపోతూ వస్తుంది. మన పిల్లాడికి ఎనిమిదో నెలలో ఆవుపాలు మొదలయ్యాయి కాబట్టి లోటు అప్పటి నుంచే పోగవుతూ వచ్చిందన్నమాట.

ఇప్పుడు రెండో రకం రోజు. పాలు మొత్తం 400 మి.లీ., అదీ గ్లాసుతో. పొద్దున చోడి జావ లేదా ఇడ్లీ, దాంతో ఒక గుడ్డు. తిన్నాక ఒక గ్లాసు పాలు. మధ్యాహ్నం తోటకూర పప్పుతో అన్నం, మీద నాలుగు చుక్కల నిమ్మరసం. వారంలో రెండు మూడు రోజులు ముళ్లు తీసిన చేప, లేదంటే మెత్తగా ఉడికించి చిదిమిన కోడిమాంసం. సాయంత్రం మెత్తని జామపండు ముక్క గింజలు తీసి, తర్వాత ముప్పావు గ్లాసు పాలు. రాత్రి పప్పన్నం, చివర రెండు మూడు చెంచాల పెరుగు. ఆ పెరుగు కూడా 400 లెక్కలోకే వస్తుంది. మన వైపు చాలామంది పాలు తగ్గించామంటారు గానీ పూటకో గిన్నెడు పెరుగు, మధ్యాహ్నం మజ్జిగ లెక్కలో వేయరు.

400 మి.లీ. పాలలో కాల్షియం 480 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఐసీఎంఆర్ చెప్పిన రోజు అవసరం 500. అంటే రెండు గ్లాసులకే ఎముకల కోసం కావలసింది దాదాపు దొరికింది. మూడో సీసా, నాలుగో సీసా ఎముకలకు పెద్దగా చేసేదేమీ లేదు, ఆకలిని చంపడం తప్ప. అమెరికా పిల్లల వైద్యులు పై హద్దు 700 మి.లీ. దాకా చెబుతారు. అయితే అక్కడి పిల్లలు ఐరన్ కలిపిన సీరియల్, మాంసం ఎక్కువగా తింటారు. మన పప్పన్నం ఇళ్లకు 400, మహా అయితే 500 దగ్గర ఆగడమే మంచిదని నా అభిప్రాయం. తల్లిపాలు ఇంకా తాగే బిడ్డకు అంత కూడా అక్కర్లేదు.

మరి అసలు పాలే మానేస్తే? ఆవుపాలు లేకుండా పిల్లలు పెరగలేరని ఏమీ లేదు. చోళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది, నువ్వులు ఉన్నాయి, ముళ్లతో తినగలిగే చిన్న చేపలు పెద్దయ్యాక ఉంటాయి. కానీ గుడ్డు, చేప ముట్టని ఇంట్లో పాలు పూర్తిగా తీసేస్తే మంచి మాంసకృత్తి, బి12 రెండూ పోతాయి. కాబట్టి సున్నా కంటే రెండు గ్లాసులే మేలు. పాలంటే ఇష్టం లేని పిల్లాడికి ముక్కు మూసి పట్టాల్సిన పని లేదు, పెరుగు పెట్టండి చాలు.

నీళ్లు కలిపిన లీటరు పాలు కూడా కొందరి ఉపాయం. దాంతో కేలరీలు తగ్గుతాయి గానీ పొట్ట అలాగే నిండుతుంది, ఐరన్ ఎక్కడా పెరగదు. ఇది ఏ విధంగానూ మేలు కాదు.

లీటరు పాల పిల్లాణ్ణి గుర్తుపట్టడం కష్టం. ఎందుకంటే బొద్దుగా ఉంటాడు. అంగన్‌వాడీలో తూకం వేస్తే చార్టులో పచ్చ గీతల మధ్యే ఉంటాడు, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. బరువు పాల కొవ్వు వల్ల వచ్చింది, రక్తం సంగతి బరువు చెప్పదు. కింది కనురెప్ప లాగి లోపల ఎరుపు చూడండి, నాలుక, అరచేతి గీతలు తెల్లగా పాలిపోయాయేమో చూడండి. మట్టి, బలపం, గోడ సున్నం నోట్లో పెట్టుకోవడం పెద్ద గుర్తు. ఊరికే చిరాకు, ఆడుతూ త్వరగా అలిసిపోవడం, గట్టి విరేచనం కూడా కలిసి వస్తుంటాయి. ఇందులో రెండు కనిపించినా రక్తపరీక్ష చేయించాలి. ఈ వయసులో ఐరన్ లోటు చాలాకాలం సాగితే మెదడు ఎదుగుదల మీద కూడా పడుతుంది.

మన పిల్లాడికి పరీక్షలో హిమోగ్లోబిన్ 8.2 గ్రాములు వచ్చిందనుకుందాం. రెండేళ్ల లోపు పిల్లలకు 10.5 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పిన హద్దు. రెండేళ్లు దాటితే 11. రిపోర్టులో ఎర్రకణాల సైజు, అంటే ఎంసీవీ కూడా తగ్గి ఉంటే ఐరన్ లోటు అనుమానం బలపడుతుంది. ఫెరిటిన్ అనే రక్తపరీక్ష చేయిస్తే ఒంట్లో ఐరన్ నిల్వ తెలుస్తుంది, కానీ జ్వరం ఉన్నప్పుడు చేస్తే అది ఎక్కువ చూపించి తప్పుదారి పట్టిస్తుంది.

ఇక్కడ మళ్లీ రెండు దారులు. పాలు అలాగే ఉంచి టానిక్ వేయడం ఒకటి, పాలు తగ్గించి తిండి పెంచడం ఇంకొకటి. విడివిడిగా చూస్తే రెండూ చాలవు. లీటరు పాల మధ్య టానిక్ వేస్తే సరిగ్గా పట్టదు, పట్టి కాస్త పెరిగినా టానిక్ ఆపిన కొన్నాళ్లకు మళ్లీ పడిపోతుంది. అలాగని 8.2 ఉన్న పిల్లాడు గుడ్డు, తోటకూరతో మాత్రమే కోలుకోవాలంటే చాలా నెలలు పడుతుంది. బెల్లం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ లోటు పూడ్చేంత బెల్లం ఏ పిల్లాడూ తినలేడు. కాబట్టి ఇతనికి పాలు తగ్గింపు, టానిక్ రెండూ కావాలి. రక్తం 11.5 ఉన్న పిల్లాడికైతే పాలు తగ్గించి, ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు 1 మి.లీ. వేస్తే సరిపోతుంది. రోజూ తిండిలోనే 8 మిల్లీగ్రాములు దొరకడం ఈ వయసులో కష్టం కాబట్టే ప్రభుత్వం ఆ సిరప్ పెట్టింది.

చికిత్స మోతాదు వేరు. సాధారణంగా కిలోకు 3 మిల్లీగ్రాముల ఐరన్ లెక్క, పది కిలోల పిల్లాడికి రోజుకు 30. టానిక్ బ్రాండు బ్రాండుకూ బలం మారుతుంది, అందుకే ఎన్ని మి.లీ. అన్నది డాక్టరే రాయాలి. పక్కింటి సీసా చెంచా కొలత పనికిరాదు. పాలకూ టానిక్‌కూ కనీసం గంటన్నర, రెండు గంటల ఎడం ఉంచండి. నిమ్మనీళ్లతో ఇస్తే ఇంకా మంచిది. నాలుక వెనక పోస్తే పళ్ల మీద నల్ల మరక పడదు. విరేచనం నల్లగా వస్తుంది, దానికి టెన్షన్ పడొద్దు. సీసా మాత్రం పిల్లల చేతికి అందని చోట ఉండాలి, ఒకేసారి ఎక్కువ తాగితే ఐరన్ విషమే.

పాలు ఒక్కరోజులో కోస్తే ఇల్లంతా ఏడుపే. రాత్రి నిద్రలో సీసాతో మొదలుపెట్టండి, పళ్లు పుచ్చడం కూడా తగ్గుతుంది. మూడు నాలుగు రోజులకు ఒక సీసా చొప్పున తీస్తూ, మిగిలినవి గ్లాసులోకి మార్చండి. గ్లాసుతో తాగే పిల్లాడు తనంతట తానే తక్కువ తాగుతాడు. పాలు ఎప్పుడూ తిండి తర్వాతే. మొదటి రెండు మూడు రోజులు అన్నం తినకపోవచ్చు. అప్పుడు మామ్మ జాలిపడి మళ్లీ సీసా కలిపితే మొదటికొస్తుంది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, లీటరు పాలలో ఐరన్ ఎంతో చెప్పి, అన్నం ముద్దలు ఆమె చేతే పెట్టించడం నయం.

నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ ఒక గ్రాము దాకా పెరిగితే దారి సరైనదే, డాక్టరు చెప్పే వరకు, మామూలుకు వచ్చాక కూడా రెండు మూడు నెలలు టానిక్ కొనసాగుతుంది. పాలు తగ్గించి, టానిక్ మానకుండా వేసినా పెరగకపోతే మోతాదు పెంచుకుంటూ పోకూడదు. తలసీమియా అనే రక్త జబ్బు లక్షణం తల్లిదండ్రుల నుంచి వచ్చినవాళ్లలో కూడా ఎర్రకణాలు చిన్నగానే ఉంటాయి. పార్వతీపురం, సీతంపేట వైపు ఏజెన్సీలో వంశంలో వచ్చే మరో రక్త జబ్బు సికిల్ సెల్ సంగతీ ఉంది. ఆ పరీక్షలు అడగాలి. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువైనా, పాలిపోయిన పిల్లాడు ఎగశ్వాస తీస్తున్నా నాలుగు వారాలు ఆగకుండా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.