పద్నాలుగు నెలల వాడకం తర్వాత: ఒక్క రివ్యూ లేని దర్రీని అమ్మిపెట్టింది బకెట్ నీళ్ల ఫోటో

మా మేనమామది వరంగల్ కొత్తవాడ. ఆయన నేసే దర్రీలను, మా ఇళ్లలో జంపఖానా అంటాం, ఒక పెద్ద ఆన్‌లైన్ సైట్‌లో అమ్మకానికి పెట్టి పద్నాలుగు నెలలైంది. సైట్ పేరు చెప్పను, అవసరం కూడా లేదు. ఖాతా ఎలా తెరవాలి, జీఎస్టీ, బ్యాంకు వివరాలు, పికప్ సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. లిస్టింగ్‌లో ఫోటోలు పెట్టుకునే గళ్లు ఉంటాయి కదా, మొదటి ఫోటో తర్వాత వచ్చే ఆ ఆరేడు గళ్లు, వాటి గురించే రాయాలనుకున్నాను. ప్రకటనకు రూపాయి పెట్టకుండా, చుట్టాలతో కొనిపించకుండా, మొదటి అమ్మకాలు నాకు తెచ్చిపెట్టింది అవే.

మొదటి ఐదు వారాల్లో మా నాలుగడుగుల బై ఆరడుగుల మెరూన్ దర్రీ పేజీని దాదాపు నూట నలభై మంది చూశారు, ఒక్కరూ కొనలేదు. మామ రోజూ సాయంత్రం అడిగేవాడు, "ఇగ ఎవ్వలు కొంటలేరా బిడ్డా?" అని. "చూస్తున్నరు మామా, కొంటలేరు" అనేవాడిని. ఆ మాటలోనే సగం జవాబు ఉందని నాకు తర్వాత అర్థమైంది. ఎవరూ పేజీలోకి రాకపోతే తప్పు టైటిల్‌లోనో మొదటి ఫోటోలోనో ధరలోనో ఉంటుంది, ఎందుకంటే వెతుకులాటలో కనపడేవి అవే. వచ్చి వెళ్లిపోతుంటే తప్పు లోపల ఉంటుంది. అయితే ఇరవై మందో ముప్పై మందో చూసి కొనలేదని పేజీ మార్చడం మొదలుపెట్టొద్దు. నూటికి ఇద్దరు కొనే మంచి పేజీ అయినా వరసగా వంద మంది వచ్చి ఒక్కరూ కొనకుండా పోయే అవకాశం ఎనిమిదింట ఒక వంతు దాకా ఉంటుంది. లెక్క వేసి చూశాకే నా టెన్షన్ కొంచెం తగ్గింది.

రివ్యూలు లేని వస్తువును కొనేవాళ్లు ఎందుకు వదిలేస్తారో తెలుసుకోవడానికి నేను చేసిన పని ఒక్కటే. అదే సైట్‌లో బాగా అమ్ముడుపోయే వేరేవాళ్ల దర్రీల కింద ఒక స్టార్, మూడు స్టార్ల రివ్యూలు, జనం అడిగిన ప్రశ్నలు కూర్చుని చదివాను, రెండు రాత్రులు పట్టింది. అయిదు స్టార్లవి వదిలేశాను, "సూపర్", "నైస్" అని తప్ప వాటిలో ఏమీ ఉండదు. కోపంగా రాసినవాటిలో మళ్లీ మళ్లీ వచ్చినవి నాలుగే నాలుగు: అనుకున్నదానికంటే చిన్నగా వచ్చింది, ఫోటోలో ఉన్న రంగు కాదు, బెడ్‌షీటులా పల్చగా ఉంది, ఉతికితే రంగు దిగింది. రివ్యూలు ఉన్న వస్తువుకు ఈ అనుమానాలు పాత కొనుగోలుదారులు తీరుస్తారు. మనకు ఆ మనుషులు లేరు కాబట్టి ఆ పని ఫోటోలే చేయాలి, ఒక్కో అనుమానానికి ఒక్కో ఫోటో చొప్పున.

అంతకుముందు మా ఫోటోలు ఎట్లా ఉండేవంటే, ఏడింటిలో అయిదు ఒకటే దర్రీని అయిదు వైపుల నుంచి తీసినవి. చూడముచ్చటగా ఉండేవి, కానీ చూసినవాళ్లకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఒంటరిగా పరిచిన దర్రీ ఫోన్‌లో ఒక ఎర్ర దీర్ఘచతురస్రం, అంతే. అది పూజ దగ్గర వేసుకునే చాపంత ఉందో, హాలంత ఉందో ఎవరికి తెలుస్తుంది? మొదటి ఫోటోకు తెల్ల బ్యాక్‌గ్రౌండే ఉండాలని సైట్ నియమం, దాన్ని మార్చలేం. కాబట్టి దాంట్లో ఒక మూల మాత్రం మడిచి తీశాను. దర్రీ రెండు వైపులా ఒకేలా ఉంటుందని, మందం ఎంతో, ఆ ఒక్క మడతలోనే కనపడుతుంది. రెండో ఫోటోలో మా ఇంట్లో డబుల్ కాట్ పక్కన పరిచి, దాని మీద అత్తమ్మను కూర్చోబెట్టి, పొడవు వెంట దర్జీ టేపు పెట్టి తీశాను. మూడోదాంట్లో దర్రీని మడిచి తూకం మీద పెట్టాను, రెండు కిలోల పైన చూపించింది. పల్చగా ఉంటుందేమో అన్న అనుమానానికి "ప్రీమియం క్వాలిటీ" అన్న మాటకన్నా తూకం ముల్లు గట్టి జవాబు.

రాతలో మార్చింది తక్కువే. ఫోన్‌లో వస్తువు వివరాల పాయింట్లలో మొదటి ఒకటి రెండే కనపడతాయి, మిగతావి నొక్కితేనే తెరుచుకుంటాయి. నేను మొదట్లో మొదటి పాయింటుగా చేనేత గొప్పతనం, వరంగల్ దర్రీలకు 2018లో వచ్చిన జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, రాసుకున్నాను, గర్వంగా. దాన్ని నాలుగోదానికి దించి, పైన సైజు, బరువు, ఎక్కడ పరుచుకోవచ్చో రాశాను. మనసుకు కష్టమే అనిపించింది కానీ కొనేవాళ్లకు ముందు కావలసింది అది. (జీఐ గుర్తు వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. ఆ ఊరి సరుకు కదా అని ఎవరు పడితే వాళ్లు వేసేయకూడదు.) టైటిల్‌లో మాత్రం "durrie" ఒక్కటే ఉండేది. జనం dhurrie అని, dari అని, cotton carpet అని కూడా వెతుకుతారు. అవన్నీ టైటిల్‌లో కుక్కకుండా, కొనేవాళ్లకు కనపడని సెర్చ్ పదాల గడిలో వేశాను. ఆ గడికి హద్దు అక్షరాల్లో కాదు, బైట్లలో ఉంటుంది. తెలుగు లిపిలో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పోతాయి, అందుకే "జంపఖానా" ఒక్క మాటే రాసి ఆపేశాను.

ఈ మార్పుల తర్వాత తొమ్మిదో రోజు మొదటి ఆర్డర్ వచ్చింది. ఆ తర్వాత నూట ఇరవై మంది చూస్తే ముగ్గురు కొన్నారు. అప్పట్లో మా బంధువులందరికీ టేపు ఫోటో గురించే చెప్పుకుంటూ తిరిగాను.

తర్వాత దెబ్బ తగిలింది. దాదాపు వారం తేడాతో రెండు దర్రీలు తిరిగొచ్చాయి. ఒకటి రంగు తేడా అని. తప్పు నాదే. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీసి, యాప్‌లో వెలుగు పెంచితే మెరూన్ కాస్తా టమాటా ఎరుపైంది. ఆ ఫోటోలన్నీ తీసేసి, పొద్దున పది గంటలకు గుమ్మం నీడలో, పక్కన తెల్ల కాగితం పెట్టి మళ్లీ తీశాను. ఫోటోలో కాగితం తెల్లగా కనపడేదాకా సరిచేసి, ఆ తర్వాత కాగితాన్ని కత్తిరించాను. మూడు వేర్వేరు ఫోన్లలో అసలు దర్రీ పక్కన పెట్టి పోల్చుకున్నాక గానీ పెట్టలేదు.

రెండోది ఇంకా బాధ పెట్టింది. నేను పాయింట్లలో "రంగు గ్యారంటీ" అని రాశాను, అందరూ రాస్తున్నారు కదా అని. కొన్నావిడ ఉతికి తెల్ల టైల్స్ మీద ఆరేస్తే మరకలు పడ్డాయట. రానూపోనూ రవాణా ఖర్చు మా మీదే పడింది, వచ్చిన దర్రీని మళ్లీ కొత్తదిగా అమ్మలేం. మామకు చెబితే ఆయన ఖర్చు గురించి ఒక్క మాట అనలేదు. "ముదురు రంగు మొదటి నీళ్లకు ఇంత వదుల్తదని మనకు తెల్సు గద బిడ్డా, అది ఎందుకు రాయలే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారం మామ ఒక కొత్త దర్రీ తెచ్చి ఇచ్చాడు. తెల్ల బకెట్‌లో చల్లనీళ్లు పోసి అరగంట నానబెట్టి ఉతికాం, నీళ్లు పారబోసే ముందు ఫోటో తీశాం. రోజా పూలు నానేసినట్టు ఉన్నాయి ఆ నీళ్లు. ఆరాక మళ్లీ ఉతికాం, ఈసారి నీళ్లలో రంగు లేతగా, గమనిస్తేనే తెలిసేంత. మూడోసారి బకెట్ అడుగు కనపడింది. మూడు ఫోటోలు పక్కపక్కన అతికించి, వాటి కింద ఉతికిన దర్రీ, ఉతకని దర్రీ పక్కపక్కన పెట్టిన ఫోటో ఒకటి చేర్చి, నాలుగో గడిలో పెట్టాను. దాని మీద ఇంతే రాశాను: మొదటి రెండుసార్లు విడిగా, చల్లనీళ్లలో ఉతకండి, నీడలో దండెం మీద ఆరేయండి. "రంగు గ్యారంటీ" తీసేశాను.

మా బావ చూసి, ఉన్న గిరాకీ కూడా పోతుంది తీసెయ్ అన్నాడు. నాకూ భయంగానే ఉంది. కానీ ఆ తర్వాతి నూరు మందిలో ఐదుగురు కొన్నారు. మాకు వచ్చిన మొట్టమొదటి రివ్యూలో కరీంనగర్ నుంచి ఒకావిడ రాసిన మాట ఇప్పటికీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను: నీళ్ల ఫోటో చూసి నమ్మకం కలిగి కొన్నాను, చెప్పినట్టే మొదటిసారి రంగు వదిలింది, తర్వాత లేదు. ఆ రోజు నుంచి రంగు దిగిందన్న కారణంతో ఒక్కటి కూడా తిరిగి రాలేదు. రివ్యూ రాయండని ఎవరికీ డబ్బు తిరిగివ్వలేదు. మనవాళ్లతో నాలుగు రాయిద్దాం అని బావ అన్నప్పుడు వద్దన్నాను. అది సైట్ నియమాలకే విరుద్ధం, పైగా ఆన్‌లైన్ రివ్యూల మీద మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లోనే IS 19000 అనే ప్రమాణం తెచ్చింది.

ఇప్పుడు పద్నాలుగు నెలల దూరం నుంచి చూస్తే కొన్ని మాటలు సవరించుకోవాలి. టేపు ఫోటో వల్లే మొదటి ఆర్డర్ వచ్చిందని తెగ చెప్పాను, కానీ అదే వారం మూల మడిచిన ఫోటో, తూకం, టైటిల్ అన్నీ ఒకేసారి మార్చాను, ఏది పని చేసిందో తేల్చే దారి నా దగ్గర లేదు. ఒక్కొక్కటే మార్చి చూడాలంటే వారానికి ముప్పై మంది వచ్చే పేజీకి నెలలు పడతాయి. బకెట్ ఫోటో పెట్టినప్పుడు దసరా దగ్గర్లో ఉంది, ఇళ్లు సర్దుకునే రోజులు, గిరాకీ కొంత దానివల్ల కూడా పెరిగి ఉంటుంది. తిరిగి రావడం ఆగిందనేది మాత్రం పండగ వల్ల జరిగేది కాదు, అందుకే ఆ ఫోటో మీద నా నమ్మకం తగ్గలేదు. ఇంకో సంగతి, మంచి పేజీ లోపలికి వచ్చినవాళ్లను కొనేలా చేస్తుంది గానీ కొత్తవాళ్లను అంతగా తీసుకురాదు. మా పేజీకి వచ్చేవాళ్లు పెరిగింది అమ్మకాలు మొదలయ్యాకే.

మా మామ మగ్గం మీద వారానికి దిగేవి కొద్దిగానే, కాబట్టి నెలకు పది పన్నెండు అమ్ముడైతే మాకు చాలు. గోదాము నిండా సరుకు పెట్టుకుని అద్దె కడుతున్నవాళ్లకు ఇంత ఓపిక ఉండకపోవచ్చు, వాళ్లు ప్రకటనలు పెట్టుకోవాల్సి రావచ్చు. పట్టుకుని చూస్తే తప్ప తెలియని వస్తువులకు, దర్రీ, చీర, ఇత్తడి సామాను లాంటి వాటికి, ఈ పద్ధతి నాకు సరిపోయింది. ఫోన్ కవర్ లాంటి వాటికి సరిపోతుందని చెప్పలేను.

వచ్చే నెల మూడు బై అయిదు నీలం రంగు పెడుతున్నాం, మళ్లీ సున్నా రివ్యూలతో. మొన్న దాన్ని రెండుసార్లు ఉతికాం. నీలం మెరూన్ కన్నా మొండిది, రెండో నీళ్లలో కూడా బాగానే వదిలింది. మూడో ఉతుకు ఈ ఆదివారం. అది ఎట్లా వస్తే అట్లాంటి ఫోటోనే పెడతాను.