సప్లయర్ బిల్లుల ఎంట్రీకి బ్యాచ్ టోటల్స్: ఏళ్ల వాడకం తర్వాత

సప్లయర్ల నుంచి వచ్చే బిల్లులన్నీ మేం ఏళ్లుగా బ్యాచ్ పద్ధతిలోనే ఎంట్రీ చేస్తున్నాం. బిల్లుల సంఖ్య, మొత్తాల టోటల్, వెండర్ కోడ్‌ల హాష్ టోటల్ మూడూ ట్యాలీ అయితేనే బ్యాచ్ పోస్ట్ అవుతుంది. ఇంతకాలం వాడాక మూడింటిలో నేను ఎక్కువ మార్కులు వేసేది హాష్ టోటల్‌కే. పని తగ్గించుకుందామనుకున్నప్పుడు చాలామంది ముందు తీసేసేది కూడా దాన్నే.

పని ఇలా సాగుతుంది. బిల్లులు ఎంట్రీకి వెళ్లకముందే, ఎంట్రీ చేయని మరో మనిషి వాటిని పాతికేసి చొప్పున కట్టలు కట్టి, టేప్ వచ్చే కాలిక్యులేటర్ మీద మొత్తాలు ఒకసారి, వెండర్ కోడ్‌లు ఇంకోసారి కూడతారు. ఆ అంకెలు, బిల్లుల సంఖ్య స్లిప్ మీద రాసి, టేప్‌తో సహా కట్టకు గుచ్చుతారు. వెండర్ కోడ్‌లు కూడగా వచ్చిన అంకే హాష్ టోటల్. దానికి విడిగా ఏ అర్థమూ ఉండదు, అది ఎవరికీ చెల్లించే డబ్బు కాదు. కాగితం మీదున్న కోడ్‌లే సిస్టమ్‌లోకి వెళ్లాయా అని చూసుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది.

టోటల్ కుదరనప్పుడు పాతిక బిల్లులూ మళ్లీ మొదటి నుంచి చూడటం చాలాచోట్ల అలవాటు. అక్కర్లేదు. తేడా ఎంత వచ్చిందో చూస్తే ఎక్కడ వెతకాలో చాలాసార్లు తెలిసిపోతుంది. ఒక బ్యాచ్ తీసుకుందాం. స్లిప్ మీద 3,84,650, సిస్టమ్‌లో 3,88,250. బిల్లులు రెండుచోట్లా 25, హాష్ టోటల్ కుదిరింది. అంటే బిల్లు తప్పిపోలేదు, రెండుసార్లు పడలేదు, కోడ్‌లు బాగానే ఉన్నాయి. ఏదో ఒక మొత్తంలోనే తప్పు ఉంది. తేడా 3,600. దాన్ని 9తో భాగిస్తే శేషం లేకుండా 400 వస్తుంది. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో భాగం పోతుంది. ఇక్కడ 400 వచ్చింది కాబట్టి తారుమారైనవి వేల స్థానం, వందల స్థానం. ఆ రెండు అంకెల మధ్య తేడా 4. సిస్టమ్‌లో ఎక్కువ పడింది కాబట్టి పెద్ద అంకె ముందుకు వచ్చి ఉండాలి. లిస్టులో 95, 84, 73, 62, 51, 40 లాంటి జంట ఆ స్థానాల్లో ఉన్న మొత్తాలు మాత్రమే చూస్తే చాలు. ఒకచోట 8,420 కనిపించింది. బిల్లు తీసి చూస్తే 4,820.

సున్నా ఎక్కువ పడినా తేడా 9తో భాగం పోతుంది, కానీ అక్కడ భాగిస్తే వచ్చేది అసలు మొత్తమే. 1,250 బదులు 12,500 కొడితే తేడా 11,250; 9తో భాగిస్తే 1,250, ఆ బిల్లు కట్టలో ఎదురుగా ఉంటుంది. క్రెడిట్ నోట్‌ని మామూలు బిల్లులా కొట్టేస్తే తేడా దాని మొత్తానికి రెట్టింపు వస్తుంది, అందుకని తేడాలో సగం ఎంతో కూడా చూడాలి. ఒకే బ్యాచ్‌లో రెండు తప్పులుంటే ఈ కిటుకులేవీ పనిచేయవు. అప్పుడు టేప్‌నీ లిస్టునీ పక్కపక్కన పెట్టుకుని టిక్ పెట్టుకుంటూ పోవడమే. అలా చూస్తుంటే తప్పు స్లిప్‌లోనే బయటపడటమూ మామూలే, అందుకే టేప్ పారేయకూడదంటాను.

ఇక హాష్ టోటల్. మరో బ్యాచ్‌లో సంఖ్య కుదిరింది, మొత్తం పైసాతో సహా కుదిరింది. హాష్ టోటల్ స్లిప్ మీద 1,12,480, సిస్టమ్‌లో 1,12,507. తేడా 27, అంటే తొమ్మిది మూళ్లు: పదుల, ఒకట్ల స్థానాలు తారుమారు. 4258 అని కొట్టాల్సిన చోట 4285 పడింది. రెండూ నిజంగా ఉన్న వెండర్లే, కాబట్టి సిస్టమ్ ఏమీ అడగలేదు. హాష్ టోటల్ లేకపోతే ఆ చెల్లింపు ఇంకొకరి ఖాతాకి వెళ్లేది, అసలు సప్లయర్ ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలిసేది కాదు. మొత్తం తప్పయితే ఎక్కడో ఒకచోట ఎవరి కంటైనా పడుతుంది. మనిషే మారిపోతే మన పుస్తకాల్లో అంతా సరిగ్గానే కనిపిస్తుంది. నేను హాష్ టోటల్‌కి అంత విలువ ఇచ్చేది అందుకే. బిల్లు నంబర్ల మీద కూడా హాష్ టోటల్ పెట్టి చూశాం, కానీ వాటిలో అక్షరాలు, గీతలు కలిసి ఉండటంతో కూడేవాళ్ల ఓపిక నశించింది. మానేశాం, మానేసినందుకు బాధ లేదు.

మూడూ కలిసినా పట్టలేని తప్పు ఒకటుంది. ఒకదాని తర్వాత ఒకటున్న రెండు బిల్లుల మొత్తాలు అటుదిటు పడటం. కోడ్ 4118కి 6,150, కోడ్ 4302కి 9,720 ఉంటే, 4118కి 9,720, 4302కి 6,150 కొడతారు. సంఖ్య అదే, మొత్తం అదే, హాష్ టోటల్ అదే. స్క్రీన్ పచ్చగా కనిపిస్తుంది. దీన్ని పట్టాలంటే ప్రతి బిల్లుకీ కోడ్‌ని మొత్తంతో గుణించి, ఆ లబ్ధాలన్నీ కూడాలి. కాలిక్యులేటర్ మీద అది జరిగే పని కాదు. స్లిప్ తయారుచేసేవాళ్లు షీట్‌లో చేస్తే మాత్రం తేలికే. B లో కోడ్‌లు, C లో మొత్తాలు ఉన్నాయనుకుంటే:

```
=COUNT(C2:C26)
=SUM(C2:C26)
=SUM(B2:B26)
=SUMPRODUCT(B2:B26,C2:C26)
```

అయితే ఒక జాగ్రత్త. కోడ్ ముందు సున్నా నిలవాలని ఆ గడిని టెక్స్ట్‌గా పెడితే `SUM` దాన్ని వదిలేస్తుంది, `SUMPRODUCT` సున్నాగా తీసుకుంటుంది. తప్పు మెసేజ్ రాదు, హాష్ టోటల్ ఊరికే తగ్గిపోతుంది. తేడా సరిగ్గా ఒక వెండర్ కోడ్ అంత ఉంటే నేను మొదట అనుమానించేది దీన్నే. ఇంకోటి, ఆ షీట్‌ని బిల్లులు చూసే నింపాలి. సిస్టమ్‌లోంచి లిస్టు దింపుకుని కూడితే తప్పు రెండువైపులా ఒకేలా ఉంటుంది, ఎప్పుడూ ట్యాలీ అవుతుంది.

తేదీ, పన్ను కోడ్, ఏ ఖర్చు ఖాతాలోకి వెళ్లాలన్నది ఈ టోటల్స్‌లో ఎక్కడా చేరవు. వాటికి వేరే తనిఖీ ఉండాల్సిందే.

మేం వాడే సాఫ్ట్‌వేర్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు, బ్యాచ్ నడుస్తుండగానే స్లిప్ టోటల్‌కి ఇంకా ఎంత మిగిలిందో స్క్రీన్ మీద చూపిస్తూ ఉండటం. చివరి బిల్లు దగ్గరికి వచ్చేసరికి మిగిలిన అంకె కళ్లముందు ఉంటుంది, బిల్లు మీద ఏమున్నా చెయ్యి అదే కొట్టేస్తుంది. ముందెక్కడో జరిగిన తప్పు అలా చివరి బిల్లులో కలిసిపోయి, రెండు బిల్లులు తప్పుగా పోస్ట్ అవుతాయి. ఎంట్రీ చేసేవాళ్లకి ఆ అంకె బ్యాచ్ ముగించే దాకా కనిపించకూడదని అడిగి సెట్టింగ్ మార్పించాం. ఆ మొదటి వారాల్లో కుదరని బ్యాచ్‌లు పెరిగాయి. తప్పులు కొత్తగా పుట్టలేదు, లోపల దాగేవి బయటికి వచ్చాయి. మీ సాఫ్ట్‌వేర్‌లో తేడాతోనే బ్యాచ్ పోస్ట్ చేసే వీలుంటే ఆ అనుమతి కూడా ఎంట్రీ చేసేవాళ్ల దగ్గర ఉంచకండి.

బ్యాచ్ సైజు దగ్గర మాత్రం మొండిగా ఉండమంటాను. వంద బిల్లుల కట్టలు కడితే స్లిప్‌లు తగ్గుతాయి నిజమే, కానీ ఒకే బ్యాచ్‌లో రెండు తప్పులు పడే అవకాశం పెరుగుతుంది, అప్పుడు 9తో భాగించే లెక్క సాయపడదు. పాతిక దగ్గర మాకు చాలా బ్యాచ్‌లు ఒక్క తప్పుతోనే ఆగుతున్నాయి. లోపలి ఐటమ్‌లు ఎక్కువగా ఉండి పొడుగ్గా సాగే బిల్లులైతే పదిహేనుకి తగ్గిస్తాం.