జెర్సీ నంబరు గుడ్డ మడతల వెంట వంగాలంటే: ఫోటోషాప్ డిస్‌ప్లేస్ ఫిల్టర్‌ను చాలాకాలం వాడిన తరువాత

పాఠశాల జట్ల ఫోటోలు తీసే స్టూడియోలకు ఏటా ఒక పని తప్పదు. కొత్త జెర్సీలు కుట్టి వచ్చేలోపే పోటీలు ముగుస్తాయి, పిల్లలు నిరుటి జెర్సీలతోనే ఫోటో దిగుతారు, ఆ తరువాత వార్షిక సంచిక కోసమో, ప్రధానోపాధ్యాయుల గదిలో పెట్టే లామినేషన్ కోసమో కొత్త రంగు, కొత్త నంబర్లు కావాలని అడుగుతారు. ఈ పనికి నేను ఫోటోషాప్‌లోని డిస్‌ప్లేస్ ఫిల్టర్‌ను ఏళ్ల తరబడి వాడుతున్నాను. అది ఎంతవరకు నమ్మదగినదో, ఎక్కడ చేతిపని తప్పనిసరో ఈమధ్య చేసిన ఒక కబడ్డీ జట్టు ఫోటో ఆధారంగా వివరిస్తాను. అందులో పన్నెండు మంది పిల్లలు రెండు వరుసల్లో ఉన్నారు. వారి జెర్సీలు ముదురు నీలం కాదు, మెరుపు నీలం, వాటిపై తెల్ల నంబర్లు ఉన్నాయి. పాఠశాలవారు కోరినది పసుపు జెర్సీలపై ముదురు నీలం నంబర్లు. ప్రింటు 18×12 అంగుళాలు కాబట్టి అంగుళానికి 300 చొప్పున ఫైలు 5400×3600 పిక్సెళ్లు, అందులో ఒక్కో పిల్లవాడి ఛాతీ సుమారు 500 పిక్సెళ్ల వెడల్పు వచ్చింది.

ముందుగా రంగు సంగతి. చాలామంది జెర్సీని ఎంపిక చేసి, పైన పసుపు పూసి, లేయర్ మోడ్‌ను కలర్‌కు మారుస్తారు. ఎరుపు జెర్సీని ఆకుపచ్చ చేయడానికి అది కొంతవరకు సరిపోతుంది గాని, నీలాన్ని పసుపు చేయడానికి పనికిరాదు. ఆ మోడ్ వర్ణాన్ని మారుస్తుందే తప్ప వెలుగును ముట్టుకోదు, ఈ రెండు రంగుల మధ్య అసలు తేడా అంతా వెలుగులోనే ఉంది. లాబ్ రంగు కొలతలో స్వచ్ఛమైన నీలం వెలుగు సుమారు 32 అయితే, స్వచ్ఛమైన పసుపు వెలుగు 97. నీలం వెలుగు మీద పసుపు వర్ణం పెడితే వచ్చేది పసుపు కాదు, బురద కలిసిన ఆకుపచ్చ.

దీనికి నేను స్థిరపడిన మార్గం నీలం ఛానల్‌ను ఆధారంగా తీసుకోవడం. జెర్సీకి మాస్కు వేసి, ఛానల్ మిక్సర్‌లో మోనోక్రోమ్ ఎంచుకుని, నీలం 100, ఎరుపు, ఆకుపచ్చ సున్నా పెడితే ఆ గుడ్డ లేత బూడిదరంగు బట్టలాగా కనిపిస్తుంది, ఎందుకంటే నీలం గుడ్డ నీలం ఛానల్‌లో ప్రకాశవంతంగానే ఉంటుంది. ఇందులో ఇంకొక ప్రయోజనం ఉంది. తెలుపు కూడా ఆ ఛానల్‌లో ప్రకాశవంతంగానే ఉంటుంది కాబట్టి, పాత తెల్ల నంబరుకూ చుట్టూ ఉన్న గుడ్డకూ మధ్య తేడా బాగా తగ్గిపోతుంది. ఎరుపు ఛానల్‌లో చూస్తే అదే నంబరు నల్లని పలకపై సుద్దముక్కతో రాసినంత స్పష్టంగా నిలబడుతుంది. నీలం ఛానల్‌లో మిగిలిన కొద్దిపాటి తేడాను నంబరు ఆకారానికే పరిమితమైన మాస్కుతో, కర్వ్స్‌లో కొంచెం దించితే చాలు. అంచు వెంట సన్నగా మిగిలే గీతను మాత్రమే హీలింగ్ బ్రష్‌తో తుడవాలి. నంబరు మొత్తాన్ని క్లోన్ స్టాంప్‌తో కప్పేస్తే దాని కింద ఉన్న అసలు మడతలు కూడా పోతాయి, కొత్త నంబరు దేని వెంట వంగాలో చెప్పే ఆధారమే మిగలదు. అందుకే ఈ పద్ధతిని నేను గట్టిగా సమర్థిస్తాను.

ఆ బూడిదరంగు మీద పసుపును మల్టిప్లై చేస్తే నీడలు మళ్లీ ఆకుపచ్చగా తిరుగుతాయి. దానికి బదులు గ్రేడియంట్ మ్యాప్ వేసి, నీడలకు గోధుమరంగు, మధ్య వెలుగుకు నిండు పసుపు, మెరుపులకు లేత పసుపు ఇస్తే ఎండలో నిలబడిన పసుపు గుడ్డలా కనిపిస్తుంది. గడ్డం కిందా, పక్కవాడి మోచేతి మీదా పడిన నీలపు ఛాయను కూడా తొలగించాలి. చూసేవారు అది ఏమిటో చెప్పలేరు గాని, అది ఉన్నంతసేపు జెర్సీ ఆ ఒంటిమీదిది కాదన్న అనుమానం వారికి కలుగుతూనే ఉంటుంది.

ఇక నంబరు. డిస్‌ప్లేస్ ఫిల్టర్ ఒక బూడిదరంగు చిత్రాన్ని పటంగా తీసుకుని, అందులోని వెలుగును బట్టి మన లేయర్‌లోని పిక్సెళ్లను జరుపుతుంది. పటంలో 128 విలువ ఉన్నచోట కదలిక ఉండదు, 0 ఉన్నచోట ఒక దిశలో, 255 ఉన్నచోట దానికి ఎదురు దిశలో గరిష్ఠంగా జరుగుతుంది. స్కేలు 100 పెడితే ఆ గరిష్ఠం 128 పిక్సెళ్లు, అంటే మామూలుగా ఉండే 10 దగ్గర సుమారు 13 పిక్సెళ్లు. ఈ లెక్క తెలియకుండా ఆ ఫిల్టర్‌ను వాడితే ఫలితం అదృష్టాన్ని బట్టి ఉంటుంది.

అందరూ చెప్పే పద్ధతి ఫోటోను నలుపు తెలుపు చేసి, కొంచెం మసకబరిచి, దాన్నే పటంగా భద్రపరచడం. ఆ పద్ధతిలో నాకు కనిపించిన ప్రధాన లోపం ఏమిటంటే, ఫిల్టర్‌కు వెలుగు తెలుస్తుంది గాని లోతు తెలియదు. పటంలో జెర్సీ సగటు విలువ 60 అయితే, మడత ఉన్నా లేకపోయినా నంబరంతా ఆరేడు పిక్సెళ్లు పక్కకు పోతుంది. ఒక భుజం నీడలో, మరొకటి ఎండలో ఉంటే రెండంకెల నంబరులో ఒక అంకె ఒకవైపు, రెండోది ఇంకోవైపు జరిగి, మధ్య ఎడం మారిపోతుంది. జెర్సీ మీది చారను కూడా అది మడతగానే భావిస్తుంది.

దీనికి నాకు దొరికిన మంచి పరిష్కారం హై పాస్ ఫిల్టర్. నీలం ఛానల్‌ను అదే కొలతలున్న కొత్త ఫైలుగా తీసి, గ్రేస్కేలుకు మార్చి, మడతల వెడల్పుకు దగ్గరగా ఉండే వ్యాసార్థంతో, ఈ ఫోటోలో 25 నుంచి 30 పిక్సెళ్లతో హై పాస్ వేస్తాను. అది విశాలమైన వెలుగునీడలను తీసివేసి, మడతలను మాత్రమే 128కి అటూ ఇటూ నిలుపుతుంది. తరువాత గాసియన్ బ్లర్ 3 పిక్సెళ్లు వేస్తే, క్రీడా దుస్తులకు వాడే సన్నని రంధ్రాల పాలిస్టర్ గుడ్డ నేత పటంలోంచి పోతుంది. అది పోకపోతే నంబరు అంచులు రంపపు పళ్లలా వస్తాయి. ఈ ఫైలును తప్పనిసరిగా PSDగా భద్రపరచాలి, ఫిల్టర్ వేరే రూపాన్ని స్వీకరించదు.

నంబరును టైపు చేసి, రాస్టరైజ్ చేసి, ముందు వార్ప్‌తో ఛాతీ గుండ్రదనానికి, పిల్లవాడు తిరిగి నిలబడిన కోణానికి తగినట్టు వంచాలి. శరీరపు వంపు పటంలో ఉండదు కాబట్టి ఆ పని డిస్‌ప్లేస్ చేయదు. ఆ తరువాత, తెరపై ఏ ఎంపికా లేకుండా చూసుకుని, Filter > Distort > Displace తెరవాలి. ఎంపిక ఏదైనా ఉంటే పటం ఫోటోకు కాకుండా ఆ ఎంపికకు సరిపడేలా కుదించుకుపోయి, మడతలు స్థానం తప్పుతాయి.

ఒకే ఛానల్ ఉన్న పటం పిక్సెళ్లను ఏటవాలుగా జరుపుతుంది. ఆ వాలు అడ్డం, నిలువు స్కేళ్ల నిష్పత్తిని బట్టి ఉంటుంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే పని సగం అయినట్టే. వెనుక వరుసలో నిలబడిన పిల్లల జెర్సీలు భుజాల నుంచి వేలాడుతూ నిలువు మడతలు పడతాయి, వాటికి అడ్డం 10, నిలువు 3 ఇచ్చాను. ముందు వరుసలో కూర్చున్నవారి గుడ్డ పొట్ట దగ్గర అడ్డంగా ముడుచుకుంటుంది, వారికి నిలువు 10, అడ్డం 3. వరుసకు ఒక లేయరు పెట్టుకుంటే రెండు సార్లతో సరిపోతుంది. ఫలితం తిరగబడి కనిపిస్తే సంఖ్యకు ముందు మైనస్ పెట్టాలి.

అయితే తిరగబడిందని తెలిసేది ఎలా? ఆ జెర్సీ మీదే సాక్ష్యం ఉంటుంది. మెడపట్టీ కింది గుండీల పట్టీ గాని, పక్కన కుట్టిన సన్నని పైపింగు గాని ఒక మడతను దాటేటప్పుడు ఎటు విరుగుతుందో వంద శాతం జూమ్‌లో చూడాలి. నంబరు అంచు కూడా అటే విరగాలి. ఈ ఫోటోలో 11వ నంబరు కుర్రవాడి ఎడమ చంక నుంచి ఒక మడత ఏటవాలుగా దిగి రెండో ఒకటి నడుమ గుండా పోయింది. స్కేలు 10 దగ్గర ఆ నిలువు గీత సుమారు 4 పిక్సెళ్లు వంగి, పక్కనున్న పైపింగుతో సరిగ్గా జత కలిసింది. 20కి పెంచితే గీత పాములా మెలికలు తిరిగింది. తిన్నని గీతలున్న 1, 4, 7 అంకెల మీదే నేను ముందుగా పరీక్షిస్తాను, గుండ్రని 8లో తప్పు దాక్కుంటుంది.

వంపు కుదిరినా వెలుగు కుదరకపోతే పీఈటీ మాస్టార్లు "స్టిక్కరు అంటించినట్టుందండీ" అనే మాటే అంటారు. తెల్ల నంబరుకైతే దానిమీద గుడ్డ నీడల బూడిదరంగు చిత్రాన్ని మల్టిప్లై చేస్తే చాలు, కాకపోతే నంబరు రంగును 255 కాకుండా 240 దగ్గర ఉంచాలి. ముదురు నీలం నంబరుకు మల్టిప్లై వేస్తే మడతలన్నీ ఆ చీకట్లో మునిగిపోతాయి. అసలు ముద్రకు గుడ్డకంటే ఎక్కువ మెరుపు ఉంటుంది, మడత శిఖరం మీద సన్నని కాంతి కనిపిస్తుంది. అందుకని పటంగా తయారుచేసిన అదే హై పాస్ చిత్రాన్ని నంబరు లేయరుకు క్లిప్ చేసి, ఓవర్‌లే మోడ్‌లో 40 శాతం దగ్గర ఉంచుతాను. అదీ చాలకపోతే లీనియర్ లైట్‌కు మారుస్తాను. వంపూ వెలుగూ ఒకే పటం నుంచి రావడం వల్ల రెండూ ఒకేచోట మలుపు తీసుకుంటాయి.

ఈ ఫిల్టర్ చేయలేనిది ఒకటుంది. లోతైన మడతలో గుడ్డ తనమీదికి తానే ముడుచుకున్నప్పుడు ముద్రలో కొంత భాగం కనపడకుండా పోవాలి. డిస్‌ప్లేస్ పిక్సెళ్లను జరపగలదు గాని దాచలేదు, అక్కడ అంకె రబ్బరులా సాగుతుంది. అలాంటి చోట నంబరును మడత గీత వెంట రెండు ముక్కలుగా కోసి, కింది ముక్కను మూడు నాలుగు పిక్సెళ్లు పైకి జరిపి, లోపలికి పోయే భాగాన్ని మాస్కుతో చెరిపేయాలి. చేతులు కట్టుకున్నవారికి, షీల్డు పట్టుకున్న కెప్టెన్‌కు మాస్కు ఎలాగూ తప్పదు.

ఇన్నేళ్లయినా ఆ డైలాగు పెట్టెలో ప్రివ్యూ లేకపోవడం నాకు పెద్ద ఇబ్బంది. ప్రతిసారీ సంఖ్య ఇచ్చి, ఫైలు చూపించి, నచ్చకపోతే వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. ఉచితంగా దొరికే గింప్ ఈ విషయంలో మెరుగు. దాని 2.10 రూపంలోని డిస్‌ప్లేస్ కదలికను నేరుగా పిక్సెళ్లలో అడుగుతుంది, ఫలితాన్ని చిత్రం మీదే చూపుతుంది, పటాన్ని వేరే ఫైలుగా భద్రపరచనక్కరలేకుండా పక్క లేయరునే తీసుకుంటుంది. నంబర్లు మాత్రమే మార్చాల్సిన పనికి నేను దాన్నే సూచిస్తాను. రంగు కూడా మార్చాల్సి వస్తే నా ఓటు ఫోటోషాప్‌కే, ఎందుకంటే సర్దుబాటు లేయర్ల వల్ల పాఠశాలవారు పసుపును మరికాస్త ముదురు చేయమని అడిగినప్పుడు మొదటినుంచి చేయనక్కరలేదు.

రెండు షరతులు నేను ముందే చెబుతాను. ఫోటో రా ఫైలుగా గాని, అత్యధిక నాణ్యత గల జేపెగ్‌గా గాని ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన జేపెగ్‌లో రంగు వివరం బాగా కుదించబడి ఉంటుంది కాబట్టి నీలం ఛానల్ గళ్లు గళ్లుగా విరిగి, ఆ గళ్లే పటంలో మడతలైపోతాయి. రెండోది, సంచికకూ గోడకూ ఈ మార్పు చేస్తాను గాని, ఆటగాళ్ల గుర్తింపు కోసం పోటీల ఎంట్రీ ఫారానికి జతచేసే ఫోటోలో నంబరు మార్చను.