గుండు మీద గ్రెయిన్: పాత ఫోటోలోంచే గింజ తీసి వాడే పద్ధతి, ఆరేళ్ల తర్వాత నా సమీక్ష

తిరుపతిలో స్టూడియో నడిపేవాళ్లకి గుండ్ల ఫోటోలు కొత్త కాదు. కొండ దిగి వచ్చిన కుటుంబాలు, ముప్పై ఏళ్ల కిందటి మొక్కు ఫోటోలు, వాటిలో లేని మనిషిని చేర్చమని అడిగేవాళ్లు వారానికి ఇద్దరైనా వస్తారు. ఈ పనిలో నన్ను ఎక్కువసార్లు పట్టిచ్చింది కూడా గుండే. జుట్టున్న తలను ఎలా అతికించినా కొంత దాగుతుంది. పూల చీర ఇంకా బాగా దాస్తుంది. నున్నటి గుండు ఏమీ దాచదు. పక్కనున్న నాలుగు గుండ్ల మీద సన్నగా ఇసుక చల్లినట్టు గింజ ఉండి, మనం తెచ్చి పెట్టిన గుండు మాత్రం స్టీలు చెంబులా మెరిస్తే, ఫోటోషాప్ పేరే వినని ముసలమ్మ కూడా వేలు పెట్టి చూపిస్తుంది.

ఆ తేడా తీయడానికి ఆరేళ్లుగా ఒకే పద్ధతి వాడుతున్నాను. పాత ఫోటోలోని గింజను ఆ ఫోటోలోంచే విడదీసి, కొత్తగా చేర్చిన మనిషి మీద పరచడం. అంతకుముందు చాలాకాలం Add Noise ఫిల్టర్‌తో నెట్టుకొచ్చాను. రెండింటికీ తేడా ఏమిటో ఈమధ్య చేసిన ఒక పని మీద చెప్తాను.

ఒకావిడ 1992 నాటి 4x6 కలర్ ప్రింటు తెచ్చింది. కొండ మీద కాటేజీ గోడ ముందు కుటుంబమంతా ఉంది. ఆడవాళ్లు కూర్చున్నారు, మగవాళ్లు గుండ్లతో వెనక నిలబడ్డారు. వాళ్ల నాన్న మాత్రం లేడు. "ఫోటో తీసింది ఆయనే అన్నా, ఇంకెట్లుంటాడు" అంది. ఆయన పోయి ఏడాదైంది. ఆవిడ దగ్గరున్నది 2008లో చిన్న డిజిటల్ కెమెరాతో తీసిన ఫోటో, అదీ మొక్కు తీర్చుకున్న రోజుదే. పదహారేళ్లు పెద్దగా కనిపిస్తాడమ్మా అంటే, "మా నాయన ఎట్లున్నా మా నాయనే" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ప్రింటును 600 డీపీఐలో స్కాన్ చేసి టిఫ్‌గా దాచాను. జేపెగ్‌లో దాస్తే దాని 8x8 గడులు గింజలో కలిసిపోతాయి, తర్వాత విడదీయలేం. స్కాన్‌లో నిలబడ్డవాళ్ల తల సుమారు 220 పిక్సెళ్ల ఎత్తుంది. 2008 ఫోటోలో పెద్దాయన తల 900 పిక్సెళ్లు. అంటే నాలుగో వంతుకి తగ్గించాలి. నునుపు పుట్టేది ఇక్కడే. తగ్గించినప్పుడు పక్కపక్కనున్న పదహారు పిక్సెళ్లు సగటై ఒకటవుతాయి. ఆ సగటులో నాయిస్ కొట్టుకుపోతుంది. మంచి ఫోటో తెచ్చినందుకే ఎక్కువ అతికించినట్టు కనిపిస్తుందన్నమాట.

ఎంత పోయిందో కంటితో అంచనా వేయను. హిస్టోగ్రామ్ ప్యానెల్‌లో Std Dev అని ఒక అంకె ఉంటుంది. ఒకే రంగున్న చిన్న చదరం ఎంచుకుని చూస్తే, అక్కడి పిక్సెళ్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో అది చెప్తుంది. చదరం ముప్పై పిక్సెళ్లకు మించకూడదు, మించితే గుండు మీది వెలుగునీడలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంకొకటి, ప్యానెల్ మూలలో హెచ్చరిక త్రికోణం కనిపిస్తే దాని మీద నొక్కాలి. లేకపోతే చిన్నది చేసి దాచుకున్న బొమ్మను చూసి లెక్క చెప్తుంది, అంకె తక్కువ వస్తుంది. ఈ త్రికోణం సంగతి తెలియక మొదటి ఏడాదంతా తప్పు అంకెలు రాసుకున్నాను. ఈ ఫోటోలో గోడ మీద 7, పెద్దాయన తమ్ముడి గుండు మీద 6.2 వచ్చింది. పెద్దాయన గుండు మీద చిన్నది చేయకముందు 8, చేశాక 2.

పాత అలవాటు ప్రకారమైతే ఇక్కడ Add Noise తెరిచి, అంకె 6 దాటేదాకా పెంచి వదిలేసేవాణ్ణి. అంకె కుదిరేది గానీ కన్ను ఒప్పుకునేది కాదు. ఎందుకంటే ఆ ఫిల్టర్ ప్రతి పిక్సెల్‌కీ విడివిడిగా నాయిస్ వేస్తుంది. ఫిల్మ్ గింజ అలా ఉండదు. 35 ఎంఎం నెగెటివ్ నాలుగు రెట్లు పెరిగి ఆ ప్రింటు మీదికి వచ్చింది, దాన్ని 600 డీపీఐలో చూస్తే ఒక్కో మచ్చ రెండు మూడు పిక్సెళ్ల మేర పరుచుకుని ఉంటుంది. ఒకటి ఉప్పు, ఇంకొకటి బొంబాయి రవ్వ. బరువు సమానమైనంత మాత్రాన రెండూ ఒకటవుతాయా?

గింజ సైజు పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కాపీ మీద Gaussian Blur 1 పిక్సెల్ వేసి Std Dev మళ్లీ చూడాలి. Add Noise వేసిన చోట 7 ఉన్నది 2కి పడిపోతుంది. ఈ గోడ మీద 7 ఉన్నది 5 దగ్గర ఆగింది. అంత తక్కువ పడిందంటే గింజ పెద్దదని అర్థం. Add Noise తోనే పని కానిచ్చేవాళ్లు నాయిస్ చాలా ఎక్కువ వేసి, దాని మీద 1 పిక్సెల్ బ్లర్ వేస్తే ఈ గోడ గింజకి దగ్గరగా వస్తుంది. కాకపోతే రంగు దగ్గర మళ్లీ దొరికిపోతాం. Monochromatic టిక్ పెడితే మూడు చానెళ్లలోనూ ఒకే గింజ పడుతుంది. తీసేస్తే మూడింటిలోనూ సమానంగా వేర్వేరుగా పడుతుంది. ఈ స్కాన్‌లో అదీ కాదు, ఇదీ కాదు. బ్లూ చానెల్ మిగతా రెండిటికంటే బాగా గరుకుగా ఉంది. కలర్ ప్రింట్ల స్కాన్లలో నాకు ఎక్కువసార్లు ఇదే కనిపించింది.

అందుకే గోడ దగ్గరికే వెళ్లడం. గోడలో మరకా గీతా లేని చోటు, సుమారు 500x350 పిక్సెళ్లు, కొత్త ఫైలులోకి తెచ్చుకుని రెండు లేయర్లు చేస్తాను. కింది దానికి Gaussian Blur 10 వేస్తే గోడ రంగు, నీడ మిగిలి గింజ పోతుంది. తర్వాత పై లేయర్ మీద ఉండి Apply Image తెరిచి, Layer దగ్గర ఆ బ్లర్ లేయర్‌ను ఎంచుకుని ఇవి ఇస్తాను.

```
Blending: Subtract
Scale: 2
Offset: 128
```

8 బిట్ ఫైలుకు ఈ అంకెలు. గోడంతా పోయి మామూలు బూడిద రంగు మీద గింజ ఒక్కటే మిగులుతుంది. దాన్ని పెద్దాయన లేయర్ మీద క్లిప్ చేసి Linear Light మోడ్‌లో పెడితే, సగానికి తగ్గించిన గింజ మళ్లీ పూర్తి బలంతో వచ్చి కూర్చుంటుంది. గింజ సైజు, మూడు చానెళ్ల మధ్య తేడా రెండూ దానితోనే వచ్చేస్తాయి. ఆ లేయర్ ఓపాసిటీ 85 పెడితే పెద్దాయన గుండు మీద అంకె 6.3కి చేరింది, తమ్ముడి గుండుతో కలిసిపోయింది. 100 పెడితే గోడ గింజ వస్తుంది, చర్మం గింజ రాదు.

ఇదంతా ఆఖరున చేయాల్సిన పని. సైజు, రంగు, వెలుగు ముందే సరిచేసుకోవాలి. మెత్తదనం కూడా. తమ్ముడి చెవి అంచు రెండు మూడు పిక్సెళ్లలో గోడలోకి కరిగిపోతే, పెద్దాయన చెవి బ్లేడుతో కోసినట్టుంది. ముందు 0.8 బ్లర్ వేసి, ఆ తర్వాతే గింజ పరిచాను. తిరగేసి చేస్తే గింజ కూడా మెత్తబడుతుంది. గింజ వేశాక కర్వ్స్ ముట్టుకున్నా అంతే, గింజ బలం మారిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

గుండు కుదిరింది గానీ ఆయన తెల్ల చొక్కా మురికి పట్టినట్టు తయారైంది. ప్రింటులో తెలుపు అంటే దాదాపు వట్టి కాగితమే, అక్కడ గింజ చాలా తక్కువ. పక్కవాళ్ల చొక్కాల మీద కొలిస్తే 2.5 దాటలేదు. నేనేమో గోడ గింజను అలాగే పరిచాను. పైగా తెలుపు అప్పటికే చివరికి వచ్చేసింది కాబట్టి లేత మచ్చలు కనిపించవు, ముదురు మచ్చలే మిగిలి చొక్కా మాసినట్టవుతుంది. లేయర్ స్టైల్‌లో Blend If దగ్గర Underlying Layer తెల్ల పిన్నును ఆల్ట్ నొక్కి రెండుగా చీల్చి, 190 నుంచి 245 వరకు పరిచాను. వెలుగు పెరిగేకొద్దీ గింజ సన్నబడి చొక్కా శుభ్రపడింది. నల్లటి నీడలకూ ఇదే వైద్యం, నల్ల పిన్నుతో.

ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటుంది. గోడ ముక్క చిన్నదైతే పక్కపక్కన పరచాల్సి వస్తుంది, పరిస్తే చీర అంచులా డిజైన్ రిపీట్ అవుతుంది. ఒకసారి ముక్కలో ఒక దుమ్ము చుక్క ఉండిపోయింది, నేను చూసుకోలేదు. ప్రింటులో తాతగారి కోటు మీద అదే చుక్క వరసగా ఐదు చోట్ల పడింది. "అక్షింతలా సార్?" అని అడిగారు. ఇప్పుడు ముక్కను తిప్పి, అద్దంలోలా మార్చి పరుస్తాను. కుదిరితే రెండు మూడు చోట్ల నుంచి తీస్తాను. చివర్లో పైన ఒక కర్వ్స్ లేయర్ పెట్టి కాంట్రాస్ట్ బాగా పెంచి, బ్లూ చానెల్ ఒక్కటే చూస్తాను. అతుకు ఉంటే అక్కడ బయటపడుతుంది. చూశాక ఆ లేయర్ తీసేస్తాను.

స్క్రీన్ మీద సరిపోయిందని ధీమాగా ఉండకూడదని కూడా దెబ్బతిన్నాకే తెలిసింది. ఈ స్కాన్‌ను 12x18 వేస్తే అంగుళానికి 200 పిక్సెళ్లే, గింజ మూడు రెట్లు పెద్దదై కనిపిస్తుంది. మొదటి ప్రింటు వేసిన ల్యాబ్‌లో మిషన్ తనంతట తనే షార్పెన్ చేసింది. పెద్దాయన ఒక్కడే కాదు, కుటుంబమంతా ఇసుకలో పొర్లినట్టు వచ్చారు. ఆ సెట్టింగ్ తీయించి మళ్లీ వేయించాను, డబ్బులు రెండుసార్లూ నావే. రెండో ప్రింటు చూసి ఆవిడ ఏం మాట్లాడలేదు, కళ్లు తుడుచుకుంది. వెంట వచ్చిన పిల్లోడు మాత్రం అందరినీ లెక్కపెట్టి, "మరి ఫోటో ఎవురు తీసినారు?" అన్నాడు.

ఈ పద్ధతికి ఐదుకి నాలుగు ఇస్తాను. గోడో ఆకాశమో ఏదో ఒక ఖాళీ జాగా లేని ఫోటోకి ఇది పనికిరాదు. అప్పుడు Camera Raw ఫిల్టర్‌లోని Grain వాడతాను. అందులో Size, Roughness విడివిడిగా ఉంటాయి కాబట్టి నలుపు తెలుపు ఫోటోలకు హాయిగా సరిపోతుంది. కలర్‌కి మాత్రం మూడు చానెళ్లకూ ఒకే గింజ వేస్తుంది. వాట్సాప్‌లో పంపితే చాలనే గిరాకీకి ఇవేవీ చేయను, అది కుదించేటప్పుడు గింజంతా ఎలాగూ ఊడ్చేస్తుంది. సిల్క్ పేపర్ ప్రింట్లు వస్తే ఇప్పటికీ టెన్షనే. స్కానర్ లైటుకి ఆ కాగితం గళ్లు కూడా గింజతో పాటు వచ్చేస్తాయి. వాటిని కొత్త మనిషి మీద పరిచేటప్పుడు గళ్ల వరస పక్కవాళ్ల గళ్లతో కలవాలి, ఒక్క పిక్సెల్ జరిగినా అతుకు కనిపిస్తుంది. అలాంటివాటికి ముక్కను తిప్పడం, అద్దంలోలా మార్చడం కుదరదు. మనిషికి పక్కనే ఉన్న గోడ నుంచి తీసి, అదే వరసలో జరిపి పెట్టాలి, ఒక్కో ఫోటోకి ఒక పూట పోతుంది.